‘పంపండి’, ‘పంపగలరు’, ‘పంపవలసిందిగా కోరుతున్నాను’: ఆఫీసు తెలుగులో ఏది ఎవరికి?

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీ అడ్మిన్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర టెండర్లు, డ్రాయింగులు ఇంగ్లీషులో నడుస్తాయి. షిఫ్టు మార్పులు, సెలవులు, సేఫ్టీ నోటీసులు, కాంట్రాక్టర్లకు పంపే మెసేజీలు మాత్రం తెలుగులోనే. వారానికోసారైనా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తారు. “అన్నా, జి.ఎం. గారికి ఇది పెడుతున్నాను. ‘పంపండి’ అంటే బాగుంటుందా, ‘పంపగలరు’ అనాలా?”

అడగాల్సిన ప్రశ్నే. మాటల్లో అయితే ఈ ఇబ్బంది ఉండదు. “సార్, ఆ ఫైలు కాస్త పంపండి సార్” అని గొంతు తగ్గించి అంటే చాలు, ముందొక సార్, వెనకొక సార్ ఆ మాటను మెత్తగా చేసేస్తాయి. అదే ముక్క కాగితం మీదికి వచ్చేసరికి గొంతు పోతుంది, క్రియ ఒక్కటే మిగులుతుంది. “ఫైలు పంపండి.” చదివే పెద్దాయనకు అది పురమాయింపులా కనిపించవచ్చు. ఆ భయంతోనే చాలామంది రెండో కొసకు పోయి “తమరి దివ్య సముఖమునకు” దాకా వెళ్తారు.

ఏ రూపం ఎంచుకోవాలో తేల్చుకునే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. చదివేది ఒక్కరా, నలుగురా? రాసేది అనుమతి కోసమా, సమాచారమా, లేక చేసి తీరాల్సిన పని చెప్పడమా? మధ్యలో ఇంకెవరి ప్రస్తావనైనా వస్తుందా? మూడోది ఎవరూ పట్టించుకోరు గానీ, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. దాని గురించి కింద కాస్త ఎక్కువే రాశాను.

ముందు రూపాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

| రూపం | ఎలా వినిపిస్తుంది | ఎక్కడ కుదురుతుంది | ఎక్కడ తేడా వస్తుంది |
|---|---|---|---|
| పంపండి | సూటిగా, మర్యాదగా | సాటి ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, కింది సిబ్బంది | పై అధికారిని అనుమతి అడిగేటప్పుడు పొడిగా ఉంటుంది |
| పంపగలరు | ఆఫీసు మర్యాద | నోటీసులు, చిన్న వినతులు | వినతా, అంచనానా అన్న అనుమానం వచ్చే చోట |
| పంపవలసిందిగా కోరుతున్నాను | స్పష్టమైన వినతి | పై అధికారికి, బయటి ఆఫీసుకు, ఫైల్లో ఉండే కాగితానికి | రోజువారీ వాట్సాప్ మెసేజీలో బరువు |
| తమరు పంపగలరని మనవి | అర్జీ | బాగా పెద్దవారికి, పాత పద్ధతి ఇష్టపడేవారికి | ‘తమ’ అన్న మాట ఎవరిదో తెలియని చోట |
| పంపవలెను | ఆదేశం | గోడ మీది నోటీసు | వ్యక్తికి రాసే ఏ మెసేజీలోనైనా |

పంపండి

‘అండి’ని తక్కువ చేయాల్సిన పని లేదు. అది పూర్తి మర్యాద రూపమే. కాంట్రాక్టర్‌కు “సోమవారంలోగా బిల్లు పంపండి” అని రాస్తే తప్పేమీ లేదు. ముందు ‘దయచేసి’ అని ఒకసారి పెడితే ఇంకా బాగుంటుంది, ప్రతి వాక్యానికీ పెడితే బతిమాలుతున్నట్టు ఉంటుంది. అనుమతి కోరేటప్పుడు మాత్రం ‘అండి’ సరిపోదు. “నాకు రెండు రోజులు సెలవు ఇవ్వండి” అన్నదాంట్లో మర్యాద ఉన్నా, కాదనే వీలు పై అధికారికి కనిపించదు. ‘ఇవ్వగలరా?’ అని ప్రశ్నగా మార్చినా సరే, ‘ఇవ్వవలసిందిగా కోరుతున్నాను’ అన్నా సరే, ఆ వీలు తిరిగి వస్తుంది.

చిన్న జవాబుల్లోనూ ‘అండి’ బాగా పనికొస్తుంది. పెద్దవారి మెసేజీకి ఒట్టి ‘సరే’ అని కొడితే విసుగ్గా ఉన్నట్టుంటుంది. ‘సరేనండి’, ‘అలాగేనండి’ అంటే రెండక్షరాలు ఎక్కువ, అంతే.

పంపగలరు

ఆఫీసు తెలుగులో దీన్ని మించి వాడే రూపం లేదు. ‘హాజరు కాగలరు’, ‘గమనించగలరు’, ‘సహకరించగలరు’. అసలు ‘గలరు’ అంటే చేసే శక్తి ఉందని. ఆఫీసుల్లో అది వినతిగా స్థిరపడింది. అయితే పాత అర్థం ఎక్కడికీ పోలేదు, అవసరం లేని చోట బయటికి వస్తుంది. ఒకసారి మా స్టోర్స్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. “ఏజెన్సీ వారు శుక్రవారం నాటికి ప్లేట్లు పంపగలరు.” ఇది ఏజెన్సీకి చేసిన వినతా, లేక వాళ్ళు శుక్రవారానికి పంపగలుగుతారని మాకిచ్చిన సమాచారమా? ప్రొడక్షన్ వాళ్ళు సమాచారం అనుకున్నారు. శుక్రవారం ప్లేట్లు రాలేదు. స్టోర్స్ రాసింది వినతి, గ్రూపులో ఏజెన్సీ మనిషి కూడా ఉన్నాడు కాబట్టి అతనికే రాశామని వాళ్ళ ఉద్దేశం.

దీనికి మందు చిన్నది. చివర ‘అని మనవి’ గానీ ‘అని కోరుతున్నాను’ గానీ తగిలించండి. “ప్లేట్లు శుక్రవారం నాటికి పంపగలరని కోరుతున్నాను” అంటే ఇక రెండో అర్థం లేదు. తేదీ, సరుకు, డబ్బు ఉన్న వాక్యంలో ఒట్టి ‘గలరు’తో ముగించవద్దని మా కుర్రాళ్ళకు చెబుతుంటాను. ‘గమనించగలరు’ లాంటి చోట ఏ ప్రమాదమూ లేదు.

పంపవలసిందిగా కోరుతున్నాను

రెండింట్లో ఏది పెట్టాలో తేలనప్పుడు నా ఓటు దీనికే. వినతి అని తెలిసిపోతుంది, అడిగేదెవరో తెలిసిపోతుంది, ఏ స్థాయి వారికైనా చెల్లుతుంది. పొడవుగా ఉంటుందన్న మాట నిజమే. అందుకే ఒక మెసేజీలో దీన్ని ఒక్కచోటే, అసలు అడగాల్సిన విషయం దగ్గరే వాడండి. మిగతా వాక్యాలు మామూలుగా ఉండనివ్వండి.

ఇక్కడ చివరి క్రియే మీరు ఏ మెట్టు మీద నిలబడి రాస్తున్నారో చెప్పేస్తుంది. ‘కోరుతున్నాను’ అటూ ఇటూ కూడా చెల్లుతుంది. ‘మనవి చేస్తున్నాను’, ‘విజ్ఞప్తి చేస్తున్నాను’ కింది నుంచి పైకి. ‘సూచిస్తున్నాను’ పై నుంచి కిందికి. మా ఇంజనీరు ఒకాయన తెలియక జి.ఎం. గారికి “తేదీ మార్చవలసిందిగా సూచిస్తున్నాను” అని రాశాడు. సలహా ఇస్తున్నాననే అతని ఉద్దేశం. చదివితే మాత్రం కలెక్టరు తహసీల్దారుకు రాసినట్టుంది.

తమరు

విశాఖలో పాతతరం వారికి ‘తమరు’ ఇప్పటికీ మర్యాద మాటే. కుర్రకారు నోట్లో అది వెటకారం. “తమరు ఎప్పుడు దయచేశారు?” అంటే ఆలస్యంగా వచ్చినవాణ్ణి దెప్పడం. చదివేవారు ఏ తరమో తెలియకపోతే దీని జోలికి పోకపోవడమే మేలు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది వ్యాకరణానిది. ‘తమ’ అంటే ‘మీ’ అని ఒక అర్థం, ‘వాళ్ళ సొంత’ అని మరో అర్థం. “సూపర్‌వైజర్లు తమ ఆమోదం లేకుండా ఓవర్‌టైమ్ వేయరు.” ఎవరి ఆమోదం? చదువుతున్న అధికారిదా, సూపర్‌వైజర్లదా? తెలుగు చదివే ఎవరైనా ముందు సూపర్‌వైజర్లదే అనుకుంటారు. మీరు ఉద్దేశించింది తలకిందులవుతుంది. ‘తమరు’తో మొదలుపెట్టారంటే మెసేజ్ మొత్తం ‘తమ’, ‘తమరికి’, ‘తమరి’ అంటూ పోవాలి కాబట్టి ఇలాంటి చిక్కు ఎక్కడో ఒకచోట తగులుతుంది. సగంలో ‘మీ’కి మారితే అది ఇంకో అతుకు.

పంపవలెను

గ్రాంథికం వెళ్తూ వెళ్తూ నోటీసు బోర్డు మీద వదిలిపోయిన ముక్క ఇది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ సభకు మేం వేసిన నోటీసులో ఏముందో తెలుసా? “సిబ్బంది అందరూ తప్పక హాజరు కావలెను.” రాసింది నేనే. పక్క సెక్షన్ మాస్టారు ఒకాయన దాన్ని చూపించి నవ్వేదాకా నాకు తట్టలేదు.

గోడ మీద ఎవరి పేరూ లేని చోట ‘హెల్మెట్ ధరించవలెను’ అంటే ఎవరికీ గుచ్చుకోదు. మనిషి పేరు పెట్టి రాసే కాగితంలో మాత్రం అది చెంప మీద కొట్టినట్టే. ‘పంపాలి’ దీనికన్నా నయం, ఎందుకంటే అది రోజూ మాట్లాడే మాట. తప్పనిసరి పని అయితే “మీరు సోమవారంలోగా పంపాలి” అనడంలో అమర్యాద లేదు.

మూడో మనిషి దగ్గర జారే చోటు

ఎదుటివారికి ‘మీరు’ అని రాయడం ఎవరూ మరిచిపోరు. కానీ ఆ మెసేజీలోనే ఇంకొకరి గురించి రాసేటప్పుడు చెయ్యి జారుతుంది, ఎక్కువగా ఆడవాళ్ళ విషయంలో. ఈ వాక్యం చూడండి. “ప్లాంట్ హెడ్ గారు ఒప్పుకున్నారు, కానీ అకౌంట్స్ మేడమ్ ఒప్పుకోనంది.” ఆయనకు ‘-రు’, ఆవిడకు ‘-ది’. రాసినవాడికి దురుద్దేశం ఏమీ లేదు, ఇంట్లో ‘అమ్మ చెప్పింది’ అన్నట్టే రాశాడు. కానీ తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘లారీ వచ్చింది’ రెండింటికీ ఒకే క్రియ. మగవాడికి కనీసం ‘వచ్చాడు’ అని వేరే రూపం ఉంది. ఆడమనిషికి మర్యాద రూపం తీసేస్తే మిగిలేది లారీకి వాడే రూపమే. ఆ అకౌంట్స్ ఆఫీసర్ గారు తర్వాత ఒకసారి ఆ మెసేజ్ నాకు చూపించి, “ఇందులో నేనొక్కదాన్నే ‘అంది’ని” అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు.

కాబట్టి రాతలో ఆఫీసు మనిషి ఎవరైనా, ఆడైనా మగైనా, పేరుకో హోదాకో ‘గారు’ తగిలించి క్రియను ‘-రు’లో పెట్టండి. ‘గారు’ పెట్టి క్రియ ఏకవచనంలో వదిలేయడం ఇంకా అన్యాయం. ‘కాంట్రాక్టర్ గారు తెస్తానన్నాడు’ అంటే తలపాగా పెట్టి చెప్పులు లాక్కున్నట్టే.

‘అతను’, ‘ఆయన’, ‘వారు’ మధ్య ఎంపిక కూడా చాలామందిని తికమక పెడుతుంది. ‘అతను’తో ‘-రు’ అతకదు, ‘అతను వచ్చారు’ అని ఎవరూ అనరు. ‘ఆయన’ రెండు రకాలుగానూ నడుస్తుంది. మన కోస్తాలో మాటల్లో ‘ఆయన వచ్చాడు’ మామూలే, రాతలో ‘ఆయన వచ్చారు’ అనాలి. ‘ఆవిడ’కూ అదే లెక్క. ‘వారు’ అన్నిటికన్నా బరువైనది, పైగా ఒకరో నలుగురో చెప్పదు. అందుకే ఒక మనిషి గురించి అయితే ‘ఆయన’ లేదా ‘ఆవిడ’, ఏజెన్సీ లాంటి సంస్థ గురించి అయితే ‘వారు’ అన్నది నేను పాటించే పద్ధతి.

డ్రైవరు, హెల్పరు సంగతి ఏమిటని అడుగుతారు. ఇక్కడ అభిప్రాయభేదాలు ఉన్నాయి. మా మేనేజర్లలో కొందరు “డ్రైవర్ చెప్పాడు” అని రాయడమే సహజం అంటారు. నా మాట వేరు. ఆ మెసేజ్ ఆ డ్రైవర్ కూడా ఉన్న గ్రూపులోకి వెళ్ళేదైతే, లేదా విచారణ ఫైల్లోకి వెళ్ళేదైతే, అక్కడ అందరికీ ఒకే రూపం ఉండాలి. ఒక ప్రమాద నివేదికలో ఇంజనీరు ‘చెప్పారు’, క్రేన్‌కు బరువులు కట్టే రిగ్గరు ‘చెప్పాడు’ అని ఉంటే, చదివేవాళ్ళు ఇంకా విచారణ మొదలుకాకముందే ఎవరి మాటకు విలువో నిర్ణయించుకుంటారు.

మర్యాదతో వచ్చే ఒక చిక్కు

‘నువ్వు’ వాడే చోట తెలుగు క్రియ అన్నీ చెప్పేస్తుంది. ‘పంపావు’ అంటే నువ్వు, ‘పంపాడు’ అంటే వాడు. మర్యాదలోకి వచ్చేసరికి రెండూ ‘పంపారు’ అవుతాయి. మీరు పంపారు, ఆయన పంపారు, వాళ్ళు పంపారు. కర్త ఎగిరిపోతే ఎవరో తెలియదు. మనకేమో కర్త ఎగరగొట్టడం అలవాటు. “నిన్న ఫైలు పంపారు. సంతకం చేయలేదు.” ఇది జి.ఎం. గారికి వెళ్తే, సంతకం చేయనిది ఆయనేనా అని ఆయన ఆగి చూసుకోవాలి.

అందుకే మర్యాద రూపాలు వాడే మెసేజీలో మనిషి మారిన ప్రతిచోటా ‘మీరు’, ‘ఆయన’, ‘ఏజెన్సీ వారు’ అని ఒకసారి రాయాల్సిందే. మాటల్లో చాదస్తంగా వినిపిస్తుంది, కాగితం మీద అవసరం.

పక్కనే ఒక సౌకర్యం కూడా ఉంది. ‘చేయలేదు’, ‘చేయాలి’, ‘చేయవచ్చు’, ‘చేయకూడదు’ వంటి రూపాలకు మనిషి గుర్తే లేదు. నువ్వైనా మీరైనా ఆయనైనా అదే మాట. జి.ఎం. నుంచి అప్రెంటిస్ దాకా అందరూ ఉన్న గ్రూపులో రాసేటప్పుడు ఇవి బాగా ఆదుకుంటాయి. “రేపు రెండో గేటు మూసి ఉంటుంది. మొదటి గేటు నుంచి రావాలి.” ఎవరినీ తక్కువ చేయలేదు, ఎవరినీ ఎత్తలేదు.

‘మీరు’ ఒకరికీ చెల్లుతుంది, పదిమందికీ చెల్లుతుంది కాబట్టి గ్రూపులో “మీరు సోమవారం రావాలి” అంటే ఎవరికి వారు అది పక్కవాడికనుకుంటారు. ‘మీరిద్దరూ’, ‘మీరందరూ’, లేదా పేర్లు. మనుషుల లెక్క కూడా మనుషుల లెక్కలాగే ఉండాలి. ‘5 ఇంజనీర్లు’ కాకుండా ‘ఐదుగురు ఇంజనీర్లు’, పెద్ద సంఖ్యకు ‘12 మంది’.

ఒక మెసేజ్, రెండు రాతలు

మా దగ్గర కొత్తగా చేరిన ఒక ఇంజనీరు పోయిన నెల ఇది తెచ్చాడు. వివరాలు కొన్ని మార్చాను.

> గౌరవనీయమైన జి.ఎం. సార్ గారికి,
> శనివారం క్రేన్ తనిఖీ గురించి తమరికి తెలియజేయునది ఏమనగా, సేఫ్టీ మేడమ్ నిన్న వచ్చి చూసింది. వైర్ రోప్ మార్చాలని చెప్పింది. కాంట్రాక్టర్ గారు సోమవారం కొత్తది తెస్తారన్నాడు. సాయంత్రం ఫోన్ చేశారు, ఆర్డర్ కాపీ పంపమన్నారు. రిగ్గర్లు తమ అనుమతి లేకుండా పని మొదలుపెట్టరు. కావున తనిఖీ మంగళవారానికి మార్చగలరు. మనం సోమవారం రోప్ బిగిస్తాం.
> మీ భవదీయుడు

మొదటి మాటతోనే మొదలుపెడదాం. ‘గౌరవనీయమైన’ అనేది వస్తువులకు, విషయాలకు. గౌరవనీయమైన స్థానం, గౌరవనీయమైన వృత్తి. మనిషికి ‘గౌరవనీయులైన’. ఇది ఆడవారికీ మగవారికీ ఒకటే, కాబట్టి తడుముకోనక్కరలేదు. ‘సార్ గారు’లో సార్ అన్నదే మర్యాద, మళ్ళీ గారు ఎందుకు? ‘జనరల్ మేనేజర్ గారికి’ అంటే నిండుగా ఉంటుంది.

‘తెస్తారన్నాడు’ దగ్గర అతను మర్యాద పెట్టబోయి అర్థం మార్చేశాడు. తెలుగులో ఒకరి మాటను అప్పజెప్పేటప్పుడు వాళ్ళ ‘నేను’ అలాగే ఉంటుంది. ‘తెస్తానన్నారు’ అంటే తానే తెస్తానన్నది కాంట్రాక్టర్ మాట. ‘తెస్తారన్నారు’ అంటే ఇంకెవరో తెస్తారని ఆయన చెప్పినట్టు. మర్యాద చివరి ‘అన్నారు’లో ఉంటే చాలు, లోపలి ‘తెస్తాను’ను ముట్టుకోకూడదు. ‘పంపమన్నారు’ కూడా అలాంటిదే, లోపల ‘అండి’ లేదని కంగారుపడనక్కరలేదు.

‘సాయంత్రం ఫోన్ చేశారు’ ఎవరు? వెనక కాంట్రాక్టర్ ఉన్నాడు, అంతకు ముందు మేడమ్ ఉన్నారు, చదువుతున్నది జి.ఎం. గారు. ‘తమ అనుమతి’ సంగతి పైన చెప్పాను. ‘మార్చగలరు’ ఒక్కటే ఉంటే మీకు మార్చే అధికారం ఉంది అని ఆయనకే గుర్తుచేసినట్టుంది.

‘మనం’ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ‘మనం రోప్ బిగిస్తాం’ అంటే జి.ఎం. గారు కూడా వచ్చి బిగించాలి. ఆ పని మీది, కాబట్టి ‘మేము’. అలాగని ‘మా క్రేన్’ అంటే ఆయన్ని కంపెనీ నుంచి బయటికి నెట్టినట్టు, అక్కడ ‘మన’. పని చేసేవాళ్ళు మేము, ప్లాంటు మనది. ఒకే మెసేజీలో రెండూ రావచ్చు.

‘భవదీయుడు’ అంటేనే ‘మీవాడు’. ముందు మళ్ళీ ‘మీ’ అక్కరలేదు. ఆడవారైతే ‘భవదీయురాలు’.

ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం.

> గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,
> నమస్కారం. శనివారం జరగవలసిన క్రేన్ తనిఖీ గురించి ఈ మెసేజ్.
> సేఫ్టీ ఆఫీసర్ గారు నిన్న క్రేన్‌ను పరిశీలించారు. వైర్ రోప్‌లో పోగులు తెగి ఉన్నాయని, రోప్ మార్చాకే తనిఖీ చేయించాలని ఆవిడ చెప్పారు. కాంట్రాక్టర్ గారు కొత్త రోప్ సోమవారం ఉదయం తెస్తానన్నారు. ఆయనే సాయంత్రం ఫోన్ చేసి ఆర్డర్ కాపీ పంపమని అడిగారు.
> మీ అనుమతి లేకుండా రిగ్గర్లు పని మొదలుపెట్టరు. కాబట్టి తనిఖీని మంగళవారానికి మార్చడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అనుమతి రాగానే మేము సోమవారం మధ్యాహ్నం రోప్ బిగిస్తాం. మంగళవారం ఉదయానికి మన క్రేన్ సిద్ధంగా ఉంటుంది.
> ఇట్లు,
> భవదీయుడు

బరువైన మర్యాద మాటలు మొదటిదాని కంటే ఇందులో తక్కువే. ‘తమరు’ పోయింది, ‘తెలియజేయునది ఏమనగా’ పోయింది, ‘కోరుతున్నాను’ ఒక్కసారే వచ్చింది. మీరే ఇలాంటిది రాసుకున్నాక సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వాక్యాలన్నీ వదిలేసి మనుషుల గురించిన క్రియల చివరలు మాత్రం వరసగా చదవండి. మొదటి రాతలో అవి ‘చూసింది, చెప్పింది, అన్నాడు, చేశారు, అన్నారు’. రెండోదాంట్లో ‘పరిశీలించారు, చెప్పారు, తెస్తానన్నారు, అడిగారు’. మెట్లు ఎక్కడ తప్పాయో చెవికే తెలిసిపోతుంది.

ఎవరికి ఏది

పై అధికారిని అనుమతి అడుగుతుంటే ‘మీరు’తో నడిపించి, అసలు వినతి దగ్గర ‘-వలసిందిగా కోరుతున్నాను’ పెట్టండి. ప్రభుత్వ ఆఫీసుకో, బయటి సంస్థకో రాసినా ఇదే. సాటి సెక్షన్‌తో రోజూ నడిచే వాట్సాప్ మెసేజీకి ‘-అండి’ చాలు, అక్కడ ‘కోరుతున్నాను’ అంటే మీకేదో కోపం వచ్చిందనుకుంటారు.

వయసులో చిన్నవారై పదవిలో పెద్దవారైతే కాస్త ఆలోచించాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా సీనియర్ ఫిట్టర్ ఒకాయన ఇంజనీర్లను నోరారా ‘నువ్వు’ అంటారు, వాళ్ళు ఆయన్ని ‘బాబాయ్’ అంటారు. అది షాపు ఫ్లోర్ మీద చెల్లే చనువు. కాగితం మీద మాత్రం ఇద్దరికీ ‘గారు’, ‘మీరు’. బాబాయ్ అన్న పిలుపు షిఫ్టు రిపోర్టులోకి రాకూడదు, అలాగని ఆ రిపోర్టులో ఆయన ‘చేశాడు’ కూడా కాకూడదు.

యాస గురించి కూడా ఒక మాట. మనవైపు ‘వచ్చేరు’, ‘చేసేరు’, ‘చూసీసేరు’ అంటాం. మర్యాద ‘-రు’లో ఉంది కాబట్టి ఇందులో అమర్యాద ఏమీ లేదు. సెక్షన్ గ్రూపులో నిక్షేపంగా రాసుకోవచ్చు. ఫైల్లోకి వెళ్ళే కాగితమైతే ‘వచ్చారు’, ‘చేశారు’ అని రాయండి, రేపు దాన్ని చదివేవారు ఏ జిల్లా వారో తెలియదు కదా.

ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చి ఇక్కడే తెలుగు నేర్చుకున్నవారు మా దగ్గర కొందరున్నారు. వాళ్ళకు ఈ అయిదు రూపాలూ చెప్పను. అందరికీ ‘గారు’, అందరికీ ‘-రు’, అడగాలంటే ‘-అండి’ ముందు ‘దయచేసి’ అని చెబుతాను. జి.ఎం. గారికి అలా రాసినా ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ క్రేన్ మెసేజ్ పొద్దున పది గంటలకు వెళ్ళింది. పావుగంటలో జవాబు వచ్చింది. “సరేనండి, మార్చండి. ఆర్డర్ కాపీ నాకూ ఒకటి పంపండి.” జి.ఎం. గారికి అరవై దగ్గర పడుతున్నాయి, కుర్రాడికి ఇరవై మూడు.